రాయబారి బాల్యం: వయస్సంధి నవలల్లో ఏడాది గడువు, వేసవి గడువు - ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’, ‘ది గో-బిట్వీన్’ నవలల పరిశీలన

వ్యాస సంగ్రహం

బాల్యం నుంచి యౌవనం వైపు మళ్లే దశను చిత్రించే నవలలు చాలావరకు ఒక విద్యా సంవత్సరానికో, ఒక వేసవికో పరిమితమై కనిపిస్తాయి. ఎదుగుదల ఏళ్ల తరబడి సాగే ప్రక్రియ. అలాంటప్పుడు ఇంత చిన్న గడువు ఎందుకు అవసరమయిందన్నది ఈ వ్యాసం చర్చించే మొదటి ప్రశ్న. గడువు ముగిసేసరికి కథానాయకుడిలో నిజంగా మారేది ఏమిటన్నది రెండవ ప్రశ్న. ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ (1935), ఎల్.పి. హార్ట్‌లీ ‘ది గో-బిట్వీన్’ (1953) నవలలను ఆధారం చేసుకొని ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడం జరిగింది. బాలుడు మార్చలేని ఒక తేదీని అతని ఎదుట నిలపడమే గడువు చేసే ప్రధానమైన పని అనీ, ఇతరుల మాటలను మోసే స్థితి నుంచి ఆ మాటలను శంకించే స్థితికి చేరడమే కథానాయకుడిలో వచ్చే మార్పు అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వయస్సంధి నవల, కాల పరిమితి, విద్యా సంవత్సరం, వేసవి, రాయబారి పాత్ర, ఆర్.కె. నారాయణ్, ఎల్.పి. హార్ట్‌లీ

1. ఉపోద్ఘాతం

ఐరోపా సాహిత్యంలో ఒక వ్యక్తి వికాసాన్ని ఆసాంతం చిత్రించే నవలకు గోథే రాసిన ‘విల్‌హెల్మ్ మైస్టర్ శిక్షణ కాలం’ (1795-96) మూలరూపమని విమర్శకులు భావిస్తారు. ఆ కోవకు చెందిన నవలను జర్మన్ భాషలో ‘బిల్డుంగ్స్‌రోమాన్’ అంటారు. తెలుగులో దానిని వికాస నవల అనవచ్చు. వికాస నవలలో కాలం విశాలంగా పరుచుకొని ఉంటుంది. నాయకుడు ఇల్లు విడిచి వెళ్తాడు, వృత్తి వెదుక్కుంటాడు, ప్రేమిస్తాడు, భంగపడతాడు, చివరకు సమాజంలో తనకొక స్థానం ఏర్పరచుకుంటాడు. ఇదంతా జరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ నవలలో కనిపిస్తాయి.

ఇరవయ్యో శతాబ్దంలో విస్తరించిన వయస్సంధి నవల ఈ విశాలతను వదులుకుంది. నాయకుడి వయసు తగ్గింది, కథాకాలం కుదించుకుపోయింది. రే బ్రాడ్‌బరీ ‘డాండిలియన్ వైన్’ (1957) 1928 నాటి ఒక్క వేసవిలో నడుస్తుంది. జాన్ నోల్స్ ‘ఎ సెపరేట్ పీస్’ (1959) ప్రధాన కథ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఒక వసతి పాఠశాలలో వేసవి తరగతులతో మొదలై, ఆ పై విద్యా సంవత్సరంతో ముగుస్తుంది. ఈ నవలల చివర నాయకుడికి ఉద్యోగం దొరకదు, వివాహం జరగదు. సమాజంలో అతని స్థానం మొదట్లో ఎక్కడుందో దాదాపు అక్కడే ఉంటుంది. అయినా ఏదో మారిపోయిందన్న స్పృహ పాఠకుడికి కలుగుతుంది. ఆ ‘ఏదో’ అన్నదానిని స్పష్టంగా చెప్పగలిగితే గడువు అవసరం కూడా బోధపడుతుంది.

2. గడువు చేసే పని

గడువును గురించి సాధారణంగా చెప్పే కారణం కథన సౌలభ్యం. ఒక వేసవికో, ఒక తరగతికో పరిమితమైతే పాత్రలు తగ్గుతాయి, కథ బిగువుగా ఉంటుంది. ఇది నిజమే కాని సరిపోదు. కథన సౌలభ్యమే కావలసి వస్తే ఏ ఆరు నెలల కాలాన్నయినా రచయిత ఎంచుకోవచ్చు. ప్రత్యేకించి విద్యా సంవత్సరాన్నీ, వేసవినీ ఎంచుకోవడానికి వేరే కారణం ఉండాలి.

ఈ రెండింటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. వీటి ఆద్యంతాలను నిర్ణయించేది బాలుడు కాదు. పరీక్షలు ఏ రోజున మొదలవుతాయో, బడి ఏ రోజున తెరుస్తారో, అతిథిగా వెళ్లిన ఇంటి నుంచి ఏ రోజున తిరిగి రావాలో పెద్దలు నిర్ణయిస్తారు. సంప్రదాయ సమాజాల్లో వయసు మార్పును సూచించే సంస్కారాలకూ ఇదే లక్షణం ఉంది. ఉపనయన ముహూర్తాన్ని వటువు పెట్టుకోడు. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త ఆర్నల్డ్ వాన్ గెనెప్ 1909లో ఇటువంటి సంస్కారాలను మూడు దశలుగా విభజించాడు. పాత స్థితి నుంచి వేరుపడటం మొదటిది, రెండు స్థితుల నడుమ గడపపై నిలవడం రెండవది, కొత్త స్థితిలో చేరడం మూడవది. ఆధునిక సమాజంలో ఈ సంస్కారాల పట్టు సడలినచోట బడి పంచాంగం ఆ పనిలో కొంత భాగాన్ని తన చేతిలోకి తీసుకుంది. తరగతి మారడం వేరుపడటమూ అవుతుంది, చేరడమూ అవుతుంది. ఆ రెండింటి నడుమ ఉండే వేసవి సెలవులు గడప వంటివి.

అయితే సంస్కారానికీ బడి పంచాంగానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. సంస్కారం ముగిసిన తరువాత నీవు మారావని సమాజం బాలుడికి చెబుతుంది. అతడు ధరించేదీ, ఇతరులు అతడిని చూసే తీరూ మారతాయి. బడి పంచాంగం అలా చెప్పదు. కింది తరగతి నుంచి పై తరగతికి వెళ్లావని మాత్రమే చెబుతుంది. లోపల జరిగిన మార్పు పేరులేకుండా మిగిలిపోతుంది. ఆ పేరులేని మార్పును పట్టుకోవడమే వయస్సంధి నవల స్వీకరించిన పని. గడువు రెండు కొసలనూ స్థిరంగా పట్టుకొని ఉంటుంది కాబట్టి, మొదటి కొస దగ్గర బాలుడు ఒక పనిని ఎలా చేశాడో, చివరి కొస దగ్గర అటువంటి పనినే ఎలా చేశాడో పాఠకుడు పోల్చి చూడగలుగుతాడు. మార్పును వివరించే భారం రచయితపై ఉండదు. పోలికే ఆ పని చేస్తుంది.

3. మాల్గుడి ఏడాది

‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ఒక సోమవారం ఉదయం మొదలవుతుంది. పదేళ్ల స్వామినాథన్ ఆల్బర్ట్ మిషన్ పాఠశాలలో ఫస్ట్ ఫారం చదువుతుంటాడు. తండ్రి న్యాయవాది. ఇంట్లో తల్లి, నాయనమ్మ ఉంటారు. తరగతిలో నలుగురు మిత్రులు. బలశాలి అయిన మణి, చదువులో మొదటివాడైన శంకర్, మానిటర్ సోము, ‘బఠాణీ గింజ’ అని అందరూ పిలిచే శామ్యూల్. పోలీసు సూపరింటెండెంటు కొడుకైన రాజం కొత్తగా తరగతిలో చేరడంతో ఈ కూటమి కదులుతుంది. 1980లలో శంకర్ నాగ్ దర్శకత్వంలో దూరదర్శన్‌లో ప్రసారమైన ‘మాల్గుడి డేస్’ ధారావాహిక ద్వారా తెలుగు ప్రేక్షకులకు కూడా ఈ బాలురు పరిచితులే.

ఈ నవల కథాకాలం సుమారు ఒక ఏడాది. కాని అది ఒకే విద్యా సంవత్సరం కాదు. ఒక విద్యా సంవత్సరపు చివరి భాగమూ, తరువాతి విద్యా సంవత్సరపు మొదటి భాగమూ కలిసి ఆ ఏడాది అవుతాయి. ఏప్రిల్ పరీక్షలు, వేసవి సెలవులు సరిగ్గా నడుమ వస్తాయి. ఈ అమరికకు ఫలితం వెంటనే కనిపిస్తుంది. సెలవుల తరువాత బడి తెరిచేసరికి సోము పరీక్ష తప్పి పాత తరగతిలోనే ఉండిపోతాడు. శంకర్ తండ్రికి బదిలీ అవుతుంది. మిత్రులెవరూ పోట్లాడుకోలేదు, ఎవరూ ఎవరికీ ద్రోహం చేయలేదు. అయినా కూటమి చెదిరిపోతుంది. పరీక్ష తప్పిన సోము మిత్రబృందం నుంచి తనంతట తానే జారిపోవడాన్ని నారాయణ్ ఒక సహజ నియమం చెప్పినంత తేలికగా చెప్పి ముందుకు సాగుతాడు. స్నేహం హృదయాల మధ్య ఉందని స్వామి అనుకుంటాడు. అది తరగతి గదిలోని బెంచీల మీద కూడా ఆధారపడి ఉందని పంచాంగం చూపిస్తుంది. అప్పటికి స్వామికి ఆ విషయం అందదు. పాఠకుడికి అందుతుంది.

మాల్గుడి వేసవి స్వభావం కూడా గమనింపదగినది. ఆంగ్ల, అమెరికన్ నవలల్లో వేసవి అంటే నియమాలు సడలే కాలం. బాలుడు పెద్దల కళ్లు కప్పి తిరిగే కాలం. మాల్గుడిలో స్వామి మిత్రులతో ఎండలో తిరగడం నిజమే కాని, న్యాయస్థానాలకు కూడా వేసవి సెలవులు కావడం వల్ల తండ్రి పగలంతా ఇంట్లోనే ఉంటాడు. బడి మూతపడినప్పుడు బడి పంతులు ఇంటికి వచ్చినట్టవుతుంది. తండ్రి కొడుకును కూర్చోబెట్టి మామిడిపండ్ల బేరం మీద ఒక లెక్క ఇస్తాడు. పది పండ్లకు పదిహేను అణాలైతే నాలుగు పండ్లకు ఎంత అన్నది ఆ లెక్క సారం. స్వామి బుద్ధి లెక్క దగ్గర నిలవదు. పండ్లు పండినవా, పచ్చివా అన్న సందేహం అతడిని పట్టుకుంటుంది. హాస్యంగా సాగే ఈ సన్నివేశంలో స్వామి స్వభావం పూర్తిగా వ్యక్తమవుతుంది. తనకు ఇచ్చిన మాటలను అతడు అక్షరాలా నమ్ముతాడు. రాముడూ కృష్ణుడూ నిజంగా ఉన్నారని, మామిడిపండ్లు నిజంగా ఉన్నాయని అనుకుంటే తప్ప అతని మనసు కదలదు. మాట వెనుక వేరే ఉద్దేశం ఉండవచ్చన్న ఊహ అతనికి ఇంకా లేదు. చక్రం కొనిపెడతానన్న జట్కావాడి చేతిలో అతడు డబ్బు పోగొట్టుకోవడానికీ ఈ స్వభావమే కారణం.

4. సరిదిద్దే వీలున్న తప్పులు, వీలులేని తేదీ

నవల పొడవునా స్వామి చేసే పనులకు, అతనికి ఎదురయ్యే కష్టాలకు ఒక సామాన్య క్రమం ఉంది. ప్రతి కష్టాన్నీ ఎవరో ఒకరు వచ్చి సరిదిద్దుతారు. బైబిలు పాఠం చెప్పే ఎబెనేజర్ చెవి మెలిపెడితే తండ్రి ప్రధానోపాధ్యాయుడికి ఉత్తరం రాస్తాడు. 1930 ఆగస్టు 15న సరయూ తీరంలో జరిగిన సభలో ఆవేశపడి స్వామి తన టోపీని మంటల్లో వేస్తాడు. మరునాడు బడి కిటికీ అద్దాలు పగలగొడతాడు. ప్రధానోపాధ్యాయుడు బెత్తంతో కొట్టబోతే ఆ బెత్తాన్ని లాక్కొని విరిచి పారిపోతాడు. ఇంత జరిగినా ఆల్బర్ట్ మిషన్ పోతే బోర్డు పాఠశాల దొరుకుతుంది. గుంపుపై లాఠీచార్జి చేయించిన అధికారి రాజం తండ్రే కావడంతో మిత్రుల మధ్య దూరం వస్తుంది. ఆరు వారాల తరువాత రాజం తానే ఇంటికి వచ్చి స్వామి తప్పులన్నింటినీ క్షమించానని ప్రకటిస్తాడు. స్వామి దృష్టిలో లోకం ఇలాగే నడుస్తుంది. తప్పు జరుగుతుంది, కొంత భయం ఉంటుంది, తరువాత అంతా సర్దుకుంటుంది.

ఈ క్రమాన్ని తెంచేది క్రికెట్ మ్యాచ్. రాజం నాయకత్వంలో ఏర్పడిన మాల్గుడి క్రికెట్ క్లబ్, యంగ్ మెన్స్ యూనియన్ జట్టుతో ఆడటానికి తేదీ నిశ్చయమవుతుంది. బౌలింగులో స్వామి నేర్పు చూసి మిత్రులు అతనికి ఆనాటి ఆంగ్ల ఆటగాడు మారిస్ టేట్ పేరు పెట్టారు. బోర్డు పాఠశాలలో సాయంత్రపు డ్రిల్లు వల్ల స్వామి సాధనకు సమయానికి చేరలేకపోతుంటాడు. డ్రిల్లు నుంచి తప్పించమని డాక్టరును ఆశ్రయిస్తాడు. ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడతానన్న డాక్టరు మాటను అక్షరాలా నమ్మి డ్రిల్లు మానేస్తాడు. డాక్టరు ఆ మాట నిలుపుకోడు. ఫలితంగా మళ్లీ బెత్తం ఎదురవుతుంది, మళ్లీ స్వామి పరుగు తీస్తాడు. ఈసారి ఇంటికి కాక, ఊరు దాటి మెంపి అడవి దారి పడతాడు. దారి తప్పుతాడు, చీకట్లో భయంతో సొమ్మసిల్లుతాడు. ఒక బండివాడు అతడిని చూసి అటవీ అధికారి దగ్గరికి చేరుస్తాడు.

ఇక్కడి వరకూ పాత క్రమమే సాగింది. పారిపోయిన బాలుడిని ఎవరో కాపాడి ఇంటికి పంపారు. తండ్రి దండించలేదు. తల్లి, నాయనమ్మ సంతోషించారు. ఇంటివారి దృష్టిలో అంతా సర్దుకుంది. సర్దుకోనిది ఒక్కటే, మ్యాచ్ తేదీ. ఇంకా ఆట జరగలేదన్న నమ్మకంతో స్వామి తిరిగి వస్తాడు. ఆట అయిపోయిందనీ, జట్టు ఓడిందనీ మణి ద్వారా తెలుస్తుంది. తండ్రి ఉత్తరం రాసినా ఆ ఆదివారం వెనక్కి రాదు. మరో పాఠశాల ఉన్నట్టు మరో మ్యాచ్ లేదు. నవలలో మొదటిసారిగా పెద్దలెవరూ బాగు చేయలేని నష్టం స్వామి ముందు నిలుస్తుంది. అది ఆ బాలుడి వల్లే జరిగింది. అయితే అతడు కోరి చేసినది కాదు.

వెంటనే రెండవ తేదీ వస్తుంది. రాజం తండ్రికి బదిలీ. ఇంతకుముందు శంకర్ తండ్రికి జరిగినదే ఇప్పుడూ జరుగుతోంది కాని, ఈసారి దెబ్బ స్వామి హృదయానికి తగులుతుంది. ఆరు వారాలు ఆగితే రాజం క్షమించే వీలు గతంలో ఉండేది. ఇప్పుడు ఆరు వారాలు లేవు. రైలు కదిలే వేళలోగా జరగవలసినది జరగాలి. గడువు నవలకు ఎందుకు అవసరమో ఇక్కడ స్పష్టమవుతుంది. గడువు లేకపోతే క్షమాపణకు ఎప్పుడూ మరో రోజు మిగిలి ఉంటుంది. మరో రోజు ఉన్నంతకాలం బాల్యం కొనసాగుతుంది.

5. బ్రాందమ్ వేసవి

‘ది గో-బిట్వీన్’లో కాలం ఇంకా కుదించుకుపోతుంది. అరవై దాటిన లియో కోల్‌స్టన్ 1952లో తన చిన్ననాటి దినచర్య పుస్తకాన్ని చూసి, 1900 జులైలో గడిపిన కొద్ది వారాలను గుర్తు చేసుకుంటాడు. పన్నెండేళ్ల లియో తన తోటి విద్యార్థి మార్కస్ మాడ్‌స్లీ ఆహ్వానంపై నార్ఫక్ ప్రాంతంలోని బ్రాందమ్ హాల్ అనే పెద్ద భవంతికి వెళ్తాడు. జులై 27న అతని పదమూడవ పుట్టినరోజు. నవల మొత్తం ఆ తేదీ వైపు నడుస్తుంది.

ఇంగ్లండులో అసాధారణమైన ఎండ కాసిన వేసవి అది. లియో రోజూ ఉష్ణమాపకం చూస్తూ పాదరసం ఇంకా పైకి ఎక్కాలని కోరుకుంటాడు. మాల్గుడిలో ఎండ ఏటా వచ్చే బాధ. బ్రాందమ్‌లో అది ఒక వింత, ఒక ఉత్సవం. తగిన దుస్తులు లేని లియోకు మార్కస్ అక్క మేరియన్ పల్చని పచ్చని దుస్తులు కొనిపెడుతుంది. ఆమెపై ఆరాధనతో అతడు ఆమె చెప్పిన పని చేస్తాడు. సమీపంలోని రైతు టెడ్ బర్జెస్‌కూ ఆమెకూ మధ్య ఉత్తరాలు మోస్తాడు. మేరియన్‌కు ట్రిమింగ్‌హమ్ ప్రభువుతో వివాహం నిశ్చయం కాబోతోంది. ఉత్తరాల్లో ఏముందో లియోకు తెలియదు. ఏదో వ్యవహార సంబంధమైన విషయమని అనుకుంటాడు.

ఈ నవలలోనూ ఒక క్రికెట్ మ్యాచ్ ఉండటం, రెండు రచనలను కలిపి చదవడానికి అవకాశమిస్తుంది. స్వామి మైదానానికి చేరలేకపోవడం వల్ల తన జట్టును ఓడిస్తాడు. బదులు ఆటగాడిగా మైదానంలోకి దిగిన లియో, టెడ్ కొట్టిన బంతిని పట్టి భవంతి జట్టును గెలిపిస్తాడు. స్వామికి అపజయం, లియోకు విజయం. కాని ఇద్దరూ తాము అభిమానించిన వ్యక్తికే నష్టం కలిగించారు. లియో పట్టిన క్యాచ్ కథలో తరువాత రాబోయే విపత్తుకు చిన్న నమూనా. తాను ఎవరి తరఫున ఆడుతున్నాడో పూర్తిగా తెలియకుండానే అతడు ఫలితాన్ని నిర్ణయిస్తున్నాడు.

అతికించని ఒక ఉత్తరం పైకి కనిపించినంత మేర చదివినప్పుడు లియో అమాయకత్వం చెదురుతుంది. అది ప్రేమలేఖ. మొదట అతనికి కలిగేది నైతికమైన ఆగ్రహం కాదు, చిన్నబోవడం. తాను విశ్వాసపాత్రుడైన దూతనని అనుకున్నాడు. కేవలం ఒక సాధనాన్నని తెలిసింది. చివరికి అతడు తాను మోస్తున్న సందేశంలోని సమయాన్ని మార్చి చెబుతాడు. పుట్టినరోజు నాడు మేరియన్ రాక ఆలస్యమైనప్పుడు ఆమె తల్లి లియోను వెంటబెట్టుకొని వెదుకుతూ వెళ్లి, మేరియన్, టెడ్ కలిసి ఉండగా చూస్తుంది. టెడ్ తుపాకితో కాల్చుకొని చనిపోతాడు. లియో జబ్బుపడతాడు. ఆ వారాల జ్ఞాపకాన్ని మనసులోనే సమాధి చేసి, యాభై ఏళ్లపాటు ఎవరినీ ప్రేమించలేని ఒంటరి మనిషిగా బతుకుతాడు.

6. రాయబారిలో వచ్చే మార్పు

రెండు నవలల్లోనూ బాలుడు రాయబారిగా కనిపించడం యాదృచ్ఛికం కాదు. స్వామి విషయంలో ఇది అంతగా చర్చకు రాలేదు. రాజం తరగతిలో చేరిన తొలిరోజుల్లో మణికీ అతనికీ వైరం ఏర్పడుతుంది. ఇద్దరూ మాట్లాడుకోరు, కాగితం ముక్కలపై సవాళ్లు రాసి పంపుకుంటారు. ఆ చీటీలు మోసేది స్వామి. నవల చివర రైల్వే స్టేషనులో ఆ అమరిక తలకిందులవుతుంది. రాజంకు ఇవ్వడానికి స్వామి ఆండర్సన్ కథల పుస్తకం తెస్తాడు. రాజం అతనితో మాట్లాడడు. రైలు కదలబోతుండగా మణి ఆ పుస్తకాన్ని తీసుకొని పెట్టె వెంట పరుగెత్తి రాజం చేతికి అందిస్తాడు. మొదట్లో ఇతరుల మాటలు మోసిన బాలుడికి చివర తన మాట చేరవేయడానికి మరొకరు కావలసి వచ్చారు. రాజం ఏదో అంటాడు. రైలు చప్పుడులో అది వినిపించదు.

తెలుగు పాఠకుడికి దౌత్యం కొత్త కాదు. శ్రీనాథుడి ‘శృంగార నైషధం’లో హంస దౌత్యం ఉంది, దేవతల తరఫున నలుడే దమయంతి వద్దకు దూతగా వెళ్లడం ఉంది. కావ్యంలో దూతకు తాను మోసే సందేశం అర్థం తెలుసు. నలుడి వేదనంతా ఆ అర్థం తెలియడం వల్ల వచ్చినదే. వయస్సంధి నవలలోని బాల రాయబారికి ఆ అర్థం తెలియదు. కథాకాలం ముగిసేసరికి సందేశంలో మాటలు కాక వేరే ఏదో ఉందని తెలుస్తుంది. ఈ తెలివే అతనిలో వచ్చే మార్పు.

స్వామిలో ఈ మార్పును నారాయణ్ ఎంత పొదుపుగా చూపించాడో చివరి పుటను బట్టి గ్రహించవచ్చు. రైలు వెళ్లిపోయాక స్వామి మణిని ప్రశ్నిస్తాడు. రాజంకు ఇంకా కోపం ఉందా, తన గురించి అడిగాడా, ఉత్తరం రాస్తాడా అని అడుగుతాడు. రాస్తాడని మణి చెబుతాడు. చక్రం కొనిపెడతానన్న మాటనూ, డాక్టరు మాటనూ అనుమానించని స్వామి ఇక్కడ ఆగుతాడు. చిరునామా తెలియకుండా ఎలా రాస్తాడని అడుగుతాడు. తన చిరునామా ఇచ్చానని మణి అంటే, అదేమిటో చెప్పమంటాడు. మణి దాటవేస్తాడు. మణి నిజం చెబుతున్నాడో, ఓదారుస్తున్నాడో తెలుసుకోవాలని స్వామి అతని ముఖంలోకి చూస్తాడు. ఆ ముఖం అతనికి అంతుపట్టదు. నవల అక్కడ ముగుస్తుంది.

స్వామి ఎదగలేదనీ, చివరి వరకు అదే పిల్లవాడిగా ఉన్నాడనీ వాదించవచ్చు. ఏ పాఠమూ నేర్చుకున్నట్టు అతడు చెప్పడు. మళ్లీ బెత్తం ఎదురైతే మళ్లీ పారిపోవచ్చు. మార్పును గుణపాఠంగా భావిస్తే ఈ అభిప్రాయం సరైనదే. కాని ముఖం చదవడానికి ప్రయత్నించడం ఒక కొత్త పని. అంతకుముందు మణి ముఖంలో ఏముందో స్వామి వెదకవలసిన అవసరం రాలేదు. మణి ఏమంటే అది మణి. ఇప్పుడు మాటకూ మనిషికీ మధ్య ఒక ఖాళీ కనిపించింది. మణి చెప్పినది దయతో చెప్పిన అబద్ధం కావచ్చు. దయ అబద్ధం రూపంలో రాగలదన్న అనుమానం కలగడమే స్వామి బాల్యానికి తొలి పగులు.

లియోకు జరిగినది దీనికి వ్యతిరేకం. స్వామికి సందేహం మిగిలింది, లియోకు ఏ సందేహమూ మిగలలేదు. దాచిన అర్థమంతా ఒక్క క్షణంలో, అతడు భరించలేనంత పూర్తిగా బయటపడింది. అందువల్ల అతడు ముఖాలు చదవడమే మానుకున్నాడు. పుస్తకాల వివరాలు నమోదు చేసే పనిలో జీవితం గడిపాడు. దీనిని బట్టి వయస్సంధి నవలలో మార్పు అంటే వికాసమే కానవసరం లేదని స్పష్టమవుతుంది. అది ఎదుగుదల ఆగిపోవడం కూడా కావచ్చు. 1960లో మోర్డెకాయ్ మార్కస్ దీక్షా కథలను విభజించినప్పుడు, గడప వరకు వచ్చి ఆగేవి, గడప దాటినా గమ్యం చేరనివి, నిర్ణయాత్మకంగా దాటేవి అని మూడు రకాలు చూపాడు. స్వామి మొదటి రకానికి దగ్గరగా ఉంటాడు. లియో ఈ వర్గీకరణలో ఎక్కడా సులువుగా ఒదగడు. అనుభవం నిర్ణయాత్మకమైనదే, మనిషి మాత్రం గడప మీదే నిలిచిపోయాడు. ఉపసంహారంలో వృద్ధురాలైన మేరియన్ తన మనవడికి చెప్పమని అతనికి మళ్లీ ఒక సందేశం అప్పగిస్తుంది. యాభై రెండేళ్ల తరువాత కూడా లియో రాయబారే. అయితే ఈసారి తాను మోస్తున్నది ఏమిటో తెలిసి మోస్తాడు.

7. పరిశీలనకు ఉన్న పరిమితులు

కథ ఒక ఏడాదిలో జరిగినంత మాత్రాన అది వయస్సంధి నవల కాదు. కథ చివరి తేదీని తొలగించి చూస్తే తేడా తెలుస్తుంది. రాజం బదిలీని తీసివేస్తే ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ముగింపు నిలవదు. పుట్టినరోజును తీసివేస్తే బ్రాందమ్ కథ నిలవదు. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’కు ఇటువంటి తేదీ లేదు, అవసరమూ లేదు. బుడుగు ఎన్ని పుటలు గడిచినా అదే వయసులో ఉంటాడు. ఆ రచన శక్తి అతడు పెద్దవాడు కాకపోవడంలోనే ఉంది. దానిని వయస్సంధి రచన కొలతతో చూడటం ఔచిత్యం కాదు.

రెండవ పరిమితి కథకుడి స్వరానికి సంబంధించినది. వయసు మళ్లిన కథకుడు వెనుదిరిగి చూసి, ఆ వేసవి తనను మార్చిందని స్వయంగా ప్రకటించే రచనలు ఉన్నాయి. అటువంటిచోట మార్పు పెద్దవాడి వ్యాఖ్యలో ఉండి, పిల్లవాడి చేతల్లో కనిపించకపోవచ్చు. హార్ట్‌లీ కథకుడూ వృద్ధుడే. కాని బాల లియో సందేశంలో సమయాన్ని మార్చడం అనే చర్య ఆ వ్యాఖ్య మీద ఆధారపడదు. వ్యాఖ్యను పక్కన పెట్టినా మార్పు కనిపించాలి. నారాయణ్ నవలలో కథకుడు స్వామికి తెలిసినదానికి మించి ఏమీ బోధించకపోవడం వల్ల ఈ చిక్కు తలెత్తదు.

మూడవది, గడువు బడికి వెళ్లే పిల్లలకే ఉంటుంది. సెలవులు, పై తరగతి, పరీక్షలు అన్నవి చదువు అందిన వర్గాల పంచాంగం. స్వామిని మోసగించిన జట్కావాడి కొడుకు కూడా బాలుడే. అతని ఏడాదికి అటువంటి ఆద్యంతాలు లేవు. పనిలో పడిన బాల్యం ఏ రోజున ముగిసిందో చెప్పే తేదీ ఉండదు. అందువల్ల ఆ బాల్యాన్ని చిత్రించే రచన వేరే రూపాన్ని వెదుక్కోవలసి ఉంటుంది. ఇక్కడ చేసిన ప్రతిపాదన ఆ రచనలకు వర్తించదు.

8. ముగింపు

ఎదుగుదల ఒక ఏడాదిలో పూర్తవుతుందన్న నమ్మకంతో వయస్సంధి నవల ఆ ఏడాదిని ఎంచుకోలేదు. బాలుడి లోకంలో తప్పులన్నీ సర్దుకుంటాయి. సర్దుకోనిదాన్ని అతనికి చూపించాలంటే పెద్దలు కూడా వెనక్కి జరపలేని తేదీ ఒకటి కావాలి. బడి పంచాంగం, సెలవుల గడువు ఆ తేదీని సహజంగా సమకూరుస్తాయి. ఆ తేదీ దాటిన తరువాత నాయకుడికి మిగిలేది జ్ఞానమో, సుగుణమో కాదు. ఇతరుల మాటలకు వెనుక వైపు ఒకటి ఉందన్న ఎరుక. లియోకు ఆ వెనుక వైపు పూర్తిగా కనిపించి జీవితాన్ని ఆపేసింది. స్వామికి అది మణి ముఖం మీద క్షణకాలం తోచింది, తోచినదేమిటో తేలలేదు. రాజం ఉత్తరం రాశాడా లేదా అన్నది నారాయణ్ చెప్పలేదు. చెప్పి ఉంటే స్వామి సందేహం తీరేది, అతడు మళ్లీ పాత స్వామి అయ్యేవాడు.